పరిచయం అక్కర్లేని పెద్దలు

గోదావరి డెల్టాలో మైకు పట్టుకున్నవాడికి ఒక మర్యాద ఉందండి. పదిహేనేళ్ళుగా సభలకి వ్యాఖ్యాతగా నిలబడుతున్నాను. "వేదికనలంకరించిన పెద్దలు", "పరిచయం అక్కర్లేని మన ప్రియతమ నాయకులు", "ఇప్పుడు సారు రెండు మాటలు మాట్లాడతారు". ఈ మూడు ముక్కలతో బారసాల నుంచి పుష్కరాల దాకా లాగించేశాను. ఎవరి పేరూ పలకలేదు. పలికితే, నా పేరు రెండోది చేశావేమని తగువు.

అలాంటి వృత్తికి మా బాబాయిగారు అడ్డొచ్చారు.

ఆయనకి నీటికాసులు. చుట్టూ చూపు పోయి మధ్యలో కాస్త మిగిలింది, గొట్టంలోంచి చూసినట్టు. చూపు కోణం 40 డిగ్రీల కన్నా తగ్గి 10 డిగ్రీల దాకా ఉంటే అల్పదృష్టి అని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఉందట, అదీ ఆయనే చెప్పారు. వేదికంతా ఒకేసారి కనబడదు. ఎటు చూడాలో తెలిస్తే అక్కడున్న ఒక్క మొహం దొరుకుతుంది. పక్కన కూర్చునే సంగీతం మాస్టారికి అసలు చూపే లేదు.

నిరుడు ఎండాకాలం, పాలకొల్లు అవతల ఒక ఊళ్ళో మురుగు డ్రెయిన్ గురించి సభ పెట్టారు. వేదిక మీద ఏడుగురు, వెనక ఫ్లెక్సీ మీద పధ్నాలుగు మొహాలు. బాబాయిగారు ఎంతో భక్తిగా ఒక పెద్దాయనకి నమస్కారం పెట్టారు. ఆయన ఫ్లెక్సీలో ఉన్నారు, పోయి మూడేళ్ళయింది. ఇంతలో ఎవరో, "మే నెలాఖరుకల్లా గుర్రపుడెక్క, పూడిక తీయించే పూచీ నాది!" అన్నారు. చప్పట్లు మోగిపోయాయి.

వానలొచ్చాయి, నారుమడి ములిగింది. బాబాయిగారు ఇంజినీరుగారి దగ్గరికి వెళ్ళారు. "అంచనాలు పంపామన్నానండి, పూచీ పడలేదు" అన్నారాయన. మరి ఎవరు పడ్డారు? మాస్టారికి గొంతు గుర్తుంది, దానికి పేరు లేదు. "నాలుగో శాలువా అండి. కప్పుతుంటే దగ్గాడు" అన్నారు. వాకబు చేస్తే ఆయన షామియానా కంట్రాక్టరు. కుర్చీలు ఉచితంగా ఇచ్చినందుకు వేదిక మీద ఆయనకీ ఒకటి వేశారు.

"గొంతు ఎటునుంచి వస్తోందో చెవికి తెలీదా మాస్టారూ?" అన్నాను, కొంచెం వెటకారంగానే.

"మైకు లేకపోతే తెలుస్తుందండి. మీరు బాక్సు కొబ్బరిచెట్టుకి కడతారు కదా. ఏడుగురూ చెట్టెక్కి మాట్లాడినట్టే ఉంటుంది నాకు."

అక్కడితో నా పతనం మొదలైంది. ఈ ఏడాది సభకి వాళ్ళిద్దరూ చెప్పినట్టు నడవాల్సొచ్చింది. ముందు నేను, జనం ఎడమ వైపు నుంచి వరసగా, ఏ కుర్చీలో ఎవరో చెప్పాలి. వేదిక మీద నిలబడ్డ నాకది కుడి అవుతుంది, అందుకని చెప్పేటప్పుడు చెయ్యి తప్పు వైపు లేచేది. తరవాత ప్రతివాళ్ళూ తమ పేరూ హోదా తమ నోటితోనే చెప్పుకోవాలి. నేను చెబితే చాలదట: పేరు నా గొంతులో వినబడితే, రేపు వినబోయే గొంతుకి దాన్ని ఎలా తగిలించుకుంటారు? మైకు చేతులు మారినప్పుడల్లా మళ్ళీ పేరు.

"తన పేరు తనే చెప్పుకోవడం అహంకారం కాదా?" అన్నాను. వీధి భాగవతంలో వేషం ప్రవేశ దరువుతో తానెవరో తనే చెప్పుకుంటూ వస్తుందని మాస్టారు గుర్తు చేశారు.

ఏడుగురికీ కలిపి నిమిషమున్నర పట్టింది. శాలువాలకి ముప్పావుగంట పట్టిన సభలో ఆ నిమిషమున్నర వృథా అని కొందరు బాధపడ్డారు. బట్టల రంగు కూడా చెప్పాను, కానీ ఐదుగురివి తెల్లచొక్కాలే. కండువాలతో గుర్తు పెడదామనుకుంటే ఒకే కొట్లో కొన్న శాలువాలు అందరినీ కప్పేశాయి. అంతలో ముఖ్య అతిథి ఆలస్యంగా దిగి, అందరూ ఒక్కో కుర్చీ జరిగారు. మొదటి నుంచీ చదివాను. అధ్యక్షులవారు అవకాశం దొరికిందని తన చామనఛాయ నుంచి చెక్కు చెదరని యవ్వనం దాకా నాలుగు నిమిషాలు వర్ణించుకున్నారు. "పేరు చాలండి, మొహం వద్దు" అని మాస్టారు కింద నుంచి అరిచారు.

ఈ పద్ధతి వల్ల జరిగిన నష్టం చూడండి. ఆ రోజు ఎవరూ పూచీ పడలేదు. కంట్రాక్టరుగారు పేరు చెప్పి, గొంతు సవరించుకుని, "అంతా మంచే జరగాలి" అని కూర్చున్నారు. ఇంజినీరుగారొక్కరే పేరు చెప్పుకుని, మే 20 లోపు గుర్రపుడెక్క తీయిస్తామని, పూడికకి ఇంకా డబ్బు రాలేదని అన్నారు. బాబాయిగారు ఎడమ నుంచి రెండో కుర్చీ మీదికి చూపు తిప్పి, ఆ మొహాన్ని కాసేపు చూసుకుని, జేబులోంచి చీటీ తీసి తేదీ నాచేత రాయించారు.