తొలి మెసేజ్‌లో ఏం నేర్పుతామో రాయవలసిందే

“ఇంగ్లీష్ ప్రాక్టీస్ కోసం ఫారిన్ వాళ్లకు మెసేజ్ పెట్టేటప్పుడు ‘హాయ్, కెన్ యూ టాక్ విత్ మీ ఇన్ ఇంగ్లీష్?’ అంటే చాలు. రోజు, టైము, ఎవరు ఏం నేర్పాలి అని రాస్తే ఆఫీసు లెటర్‌లా ఉండి పారిపోతారు. మన గోదారి తెలుగు నేర్పుతామని మాత్రం అనకండి, వాళ్లకు పుస్తకాల తెలుగే కావాలి.”

కోనసీమ, భీమవరం వైపు విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో ఈ సలహా విస్తృతంగా తిరుగుతోంది. ఇందులోని మూడు మాటల్లో ఏదీ నిలవదు.

మొదటిది తీసుకుందాం. ఇలా ఒకరి భాష ఒకరు నేర్చుకునే భాషా మార్పిడిలో ఇద్దరూ విద్యార్థులే, ఇద్దరూ గురువులే. గంట కూర్చుంటే అరగంట ఒక భాషకు, అరగంట రెండో భాషకు కేటాయించి, ఏ భాష అరగంటలో ఆ భాషే మాట్లాడటం ఇందులో స్థిరపడిన పద్ధతి. ఇంగ్లీషును మాత్రమే ప్రస్తావించే ఆ ఒక్క వాక్యాన్ని చదివిన మనిషికి ఎవరో ఉచితంగా ట్యూషన్ అడుగుతున్నట్లే అనిపిస్తుంది. పైగా ఏ రోజు, ఎంతసేపు, తనకేమిటి లాభం అన్నవన్నీ తానే అడిగి తెలుసుకోవలసి వస్తుంది కనుక, బదులివ్వడం వాయిదా పడి చివరకు మరుగున పడుతుంది.

ఇక ఆఫీసు లెటర్ పోలిక. మెసేజ్ బిగుసుకుపోయేది వివరాల వల్ల కాదు, ‘రెస్పెక్టెడ్ సర్’, ‘కైండ్లీ’ వంటి మాటల వల్ల. అమలాపురంలో డిగ్రీ చదివే అమ్మాయి ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో తెలుగు నేర్చుకుంటున్న ఒక యువతికి రాస్తోందనుకోండి. పేరు పెట్టి పలకరించి, ఆమె ప్రొఫైల్‌లో కనిపించిన విషయం గురించి ఒక వాక్యం రాయాలి. ఉదాహరణకు, అత్తవారు తెలుగువారని ఆమె చెప్పుకుంటే, వారితో ఎప్పుడు మాట్లాడవలసి వస్తోందని అడగవచ్చు. తరువాత వారానికి ఒక గంట వీడియో కాల్ అని, తాను నేర్పేదీ తనకు కావలసిందీ చెరొక వాక్యంలో చెప్పి, ‘వుడ్ సండే వర్క్ ఫర్ యూ?’ అని ప్రశ్నగా ముగించాలి. ముందుగా నాలుగు వారాలు చూద్దామని ఒక మాట చేరిస్తే, నచ్చకపోయినా మొహమాటపడకుండా తప్పుకునే దారి ఇద్దరికీ ఉంటుంది. ఆరేడు వాక్యాల్లో ఇదంతా ఇముడుతుంది, స్నేహానికి లోటూ రాదు.

సమయం మాత్రం రెండు గడియారాల్లోనూ రాయాలి. ఎక్కువ జతలు తడబడేది ఇక్కడే. ఆదివారం మన రాత్రి 8 గంటలు అంటే చలికాలంలో లీడ్స్‌లో మధ్యాహ్నం 2:30, వేసవిలో 3:30. అక్కడ మార్చి చివరి ఆదివారం గడియారాన్ని గంట ముందుకు, అక్టోబరు చివరి ఆదివారం గంట వెనక్కి జరుపుతారు. మనకు ఆ అలవాటు లేదు. ‘త్రీ పీఎం యువర్ టైమ్’ అని మాత్రమే కుదుర్చుకుంటే, వేసవిలో 7:30కు వచ్చే కాల్ అక్టోబరు తరువాత 8:30కు మారుతుంది. ఈ సంగతి ఎరుగని అమ్మాయి 7:30కే కూర్చుని, అవతలి మనిషి మాట తప్పిందనుకుంటుంది. అందుకే ఏ ఊరి గడియారాన్ని స్థిరంగా పట్టుకుంటారో తొలి మెసేజ్‌లోనే చెప్పుకోవడం మంచిది.

మూడో మాట నన్ను నిజంగా బాధించింది. అత్తవారింట్లో మాట్లాడటానికి తెలుగు నేర్చుకునే మనిషికి కావలసింది ఇంట్లో వినిపించే తెలుగు. ‘వస్తానండి’, ‘భోజనం చేశారాండి’ అన్న అండీలను, ఔనన్నట్లు పలికే ‘ఆయ్’ని గోదావరి జిల్లాల మనిషి వాడినంత సహజంగా ఎవరు వాడి చూపగలరు? ఎవరిని మీరు అనాలి, ఎవరిని నువ్వు అంటే చనువు, ఎవరిని అంటే తప్పు అన్నది సంభాషణలోనే పట్టుబడుతుంది. పుస్తక భాషనూ వదలనక్కరలేదు. పత్రిక చదవడానికి అది కావాలి. ‘మా ఇంటి మాటా నేర్పుతాను, రాసే తెలుగు ఎక్కడ వేరో కూడా చూపుతాను’ అని మెసేజ్‌లో రాస్తే సరిపోతుంది.

అలాగే తనకు కావలసింది కూడా ‘ఇంప్రూవ్ మై ఇంగ్లీష్’ అని గాలికి వదలకుండా పేరు పెట్టి చెప్పాలి. మనవాళ్లకు సాధారణంగా ఇబ్బంది పెట్టేవి ‘ఎ’, ‘ది’ ఎక్కడ పెట్టాలన్నదీ, ‘ఐ హావ్’ అనవలసిన చోట వచ్చే ‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’ వంటి వాక్యాలూ. మాట్లాడుతుండగా ప్రతి తప్పుకూ ఆపితే మాట పెగలదు కనుక, దొర్లిన తప్పులను చాట్‌లో రాసి పెట్టి, అరగంటలో చివరి ఐదు నిమిషాలు వాటికే ఇవ్వమని అడగవచ్చు. ఆమె తెలుగుకు తానూ అదే చేస్తానని చెప్పాలి.