చీమల బారు దగ్గరి దారినే పట్టాలని లేదు

హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్ వంటింట్లోనైనా కనిపించే దృశ్యమే ఇది. కిటికీ చట్రం సందులోంచి చీమల బారు బయలుదేరుతుంది. గట్టు అంచు వెంబడి సాగి, సింకు చుట్టూ తిరిగి పంచదార డబ్బా చేరుతుంది. సింకుకు ఇటువైపు నుంచి వెళ్తే జానెడు దూరం తగ్గేది. అయినా ఒక్క చీమా అటు రాదు. చీమలు ఎప్పుడూ దగ్గరి దారే వెతుక్కుంటాయని మనం పిల్లలకు చెప్పే మాట సగమే నిజం.

ముందు బారు సంగతి. తిండి దొరికిన చీమ తిరిగి వెళ్తూ పొట్ట చివరను నేలకు ఆనిస్తూ వాసన గుర్తు వేస్తుంది. దీన్నే ఫెరోమోన్ అంటారు. వెనక వచ్చే చీమ రెండు మీసాలతో ఆ వాసనను పోల్చుకుంటుంది. ఎడమ మీసానికి వాసన ఎక్కువ తగిలితే ఎడమకు, కుడి మీసానికి తగిలితే కుడికి ఒళ్లు తిప్పుతుంది. దగ్గరగా వంగి చూస్తే ఏ చీమా తిన్నగా నడవదు, అటూ ఇటూ వంకర్లు పోతూనే ఉంటుంది. వంకర పోయిన ప్రతిసారీ మళ్లీ గీత మీదికి తిరుగుతుంది కాబట్టి దూరం నుంచి అది సన్నటి బారులా కనిపిస్తుంది. ముందు నడిపించే నాయకురాలు ఎవరూ లేరు.

మరి రెండు దారులుంటే? 1989, 1990లలో బ్రసెల్స్ శాస్త్రవేత్తలు సైమన్ గాస్, జాన్ లూయీ డెనూబూర్ బృందం దీన్ని అర్జెంటీనా చీమల మీద పరీక్షించింది. పుట్టకూ తిండికీ మధ్య రెండు కొమ్మల వంతెన పెట్టారు. కొమ్మలు రెండూ సమానంగా ఉన్నా కాసేపటికి చీమల్లో ఎక్కువ భాగం ఒకే కొమ్మ మీదికి చేరాయి. ఏ కొమ్మ అన్నది ప్రయోగం ప్రయోగానికీ మారింది.

వాళ్లు కట్టిన లెక్క చిన్నదే. కొమ్మ మీదుగా ఇప్పటిదాకా వెళ్లిన చీమల సంఖ్యకు 20 కలిపి, దాన్ని దానితోనే గుణించాలి. రెండో కొమ్మకూ అలాగే చేయాలి. తర్వాతి చీమ ఏ కొమ్మ ఎక్కే అవకాశం ఎంతో ఆ రెండు సంఖ్యల నిష్పత్తి చెబుతుంది. ఒక కొమ్మ మీద 5 చీమలు వెళ్లి, రెండోదాని మీద ఒక్కటీ వెళ్లలేదనుకోండి. 25ను 25తో గుణిస్తే 625, 20ని 20తో గుణిస్తే 400. అంటే మొదటి కొమ్మకు దాదాపు 61 శాతం. అదే 60 చీమలు, 20 చీమలు అయితే 6400కు 1600, అంటే 80 శాతం. మొదట్లో కాకతాళీయంగా వచ్చిన కొద్దిపాటి తేడా ఇలా పెరిగి పెరిగి తీర్పు అయిపోతుంది.

ఒక కొమ్మ రెండింతలు పొడవుంటే చాలాసార్లు పొట్టిదే గెలిచింది. చీమలు దూరం కొలిచాయని కాదు. పొట్టి కొమ్మ ఎక్కినవి ముందు తిండి చేరి, ముందు వెనక్కి తిరుగుతాయి. ఈ చీమలు వెళ్లేటప్పుడూ వాసన వేస్తాయి కాబట్టి ఆ సమయానికి తిండి వైపు చీలిక దగ్గర పొట్టి కొమ్మ మీదే వాసన ఉంటుంది. తిరుగు ప్రయాణంలో వేసే గుర్తూ దాని మీదే పడుతుంది.

నా దృష్టిలో అసలు పాఠం దీని తర్వాతి ప్రయోగంలో ఉంది. ముందు పొడవైన కొమ్మ ఒక్కటే ఉంచి, 30 నిమిషాల తర్వాత పొట్టిది కలిపారు. చీమలు పొడవైనదాన్ని వదల్లేదు. అప్పటికే అక్కడ వాసన పేరుకుంది, అది ఆరిపోయేలోపు వచ్చేపోయే చీమలు కొత్త పూత వేస్తూనే ఉన్నాయి. సింకు చుట్టూ తిరిగే బారుకూ ఇలాంటి కారణమే ఉండొచ్చు: మొదటి చీమలు వచ్చినప్పుడు దగ్గరి దారిలో తడిసిన గిన్నె ఉండి ఉంటుంది. గిన్నె తీసేసినా బారు మారదు.

అన్ని జాతులూ ఇంత మొండివి కావు. ఐరోపా నల్ల తోట చీమ దారి తప్పు దిశకు పోతోందనిపిస్తే మధ్యలోనే వెనక్కి తిరుగుతుంది. ఇళ్లలో తిరిగే 2 మిల్లీమీటర్ల పసుపురంగు ఫరో చీమ తిండి లేని కొమ్మ మొదట్లో ‘ఇటు రావద్దు’ అనే వేరే వాసన వేస్తుందని 2005లో తేలింది.

బారును తుడిచేటప్పుడు చాలామంది చేసే పొరపాటూ ఇక్కడే ఉంది. మధ్యలో ఒక్కచోట తడిగుడ్డ పెడితే చీమలు తెగిన అంచు దగ్గర ఆగి, మీసాలాడిస్తూ చెల్లాచెదురవుతాయి. కాసేపటికి ఏదో ఒకటి అవతలి గీతను అందుకుంటుంది, బారు మళ్లీ అతుక్కుంటుంది. ముందు డబ్బా మూత బిగించాలి. తర్వాత సబ్బు నీళ్లతో సందు నుంచి డబ్బా దాకా మొత్తం గీతను తుడవాలి. ఫరో చీమలైతే స్ప్రే అసలు వద్దు. చెదిరిన పుట్ట ముక్కలై, రాణులూ కూలీ చీమలూ వేర్వేరు మూలల్లో కాపురం పెడతాయి. అప్పుడు ఒక బారుకు బదులు నాలుగు బయలుదేరతాయి.