ఫిట్స్ ఆగితే బస్సెక్కించడమేనా?

తిరుపతి బస్టాండులో మొన్న జరిగింది చూస్తే కోపం రాక మానదు. దర్శనం చేసుకుని కొండ దిగిన 48 ఏళ్ల మనిషి మదనపల్లె బస్సు కోసం నిలబడి ఉన్నట్టుండి పడిపోయాడు. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి, నోట నురగ వచ్చింది. జనం మూగారు. ఒకరు గుప్పిట్లో తాళాలు కుక్కారు, ఒకరు చెప్పు వాసన చూపించారు, ఇంకొకరు పళ్ల మధ్య చెంచా దూర్చారు. ఫోన్లు బయటికి తీసినవాళ్లలో ఒక్కరూ 108కి చేయలేదు. రెండు మూడు నిమిషాల్లో ఆగింది. 'తగ్గిపోయింది కదా, ఇంటికి తీసుకెళ్లమ్మా' అని భార్యకు చెప్పి బస్సెక్కించారు. పీలేరు చేరేలోపే మళ్లీ వచ్చింది.

అక్కడి ఆసుపత్రిలో వేలికి సూది గుచ్చి చూస్తే రక్తంలో చక్కెర 34. అది 70 కంటే తగ్గితేనే తక్కువని లెక్క. షుగర్ ఉన్న ఆ మనిషి పొద్దున మాత్ర మింగాడు, దర్శనం అయ్యేదాకా ఏమీ తినకూడదని పస్తున్నాడు, ఆపైన అలిపిరి మెట్లెక్కాడు. అతను వాడుతున్నది గ్లిమిపిరైడ్. మనం తిన్నా తినకపోయినా అది ఒంట్లో ఇన్సులిన్ వదిలిస్తూనే ఉంటుంది, దాని పని దాదాపు ఒక రోజు నడుస్తుంది. అందుకే గ్లూకోజ్ ఎక్కించాక చక్కెర పెరిగినా, కొన్ని గంటలకు మళ్లీ పడిపోవచ్చు. ఇలాంటివాళ్లను డాక్టర్లు వెంటనే పంపకుండా ఆసుపత్రిలో ఉంచి మళ్లీ మళ్లీ చక్కెర చూసేది ఇందుకే. బస్టాండులో ఆగింది కొట్టుకోవడం మాత్రమే, జబ్బు కాదు.

పెద్దవాళ్లకు జీవితంలో మొదటిసారి ఫిట్స్ వచ్చాయంటే వెనక ఏదో ఉందేమో ఆ రోజే చూడాలి. మెదడులో రక్తస్రావం కావచ్చు, మెదడువాపు కావచ్చు, రక్తంలో సోడియం పడిపోయి ఉండవచ్చు. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేసినా ఒకటి రెండు రోజుల్లో రావచ్చు. గర్భిణికి, బాలింతకు వస్తే అది తల్లి ప్రాణానికే ముప్పు. గుండె లయ తప్పి స్పృహ పోయినా కాసేపు కాళ్లూ చేతులూ కొట్టుకుంటాయి, చూసేవాళ్లకు ఫిట్స్ లాగే కనిపిస్తుంది. వీటిలో ఏదో చెప్పులు, తాళాలు తేల్చవు. చక్కెర, సోడియం, ఈసీజీ, తల స్కాన్ తేలుస్తాయి. ఈఈజీ, ఎంఆర్ఐ తర్వాత సంగతి.

ఫిట్స్ వచ్చిన ప్రతివారినీ ఆసుపత్రికి మోయడం దండగ, స్కాన్ల పేరుతో వేలు వదులుతాయి అనేవాళ్లున్నారు. ఎప్పటినుంచో మూర్ఛకు మందులు వాడుతూ, ఎప్పటిలాగే వచ్చి తగ్గి, పూర్తిగా తెలివిలోకి వచ్చినవాళ్ల విషయంలో అది చాలావరకు నిజమే. మొదటిసారి వచ్చినవాళ్ల విషయంలో కాదు. పక్కనున్నవాళ్లు 'ఇంతకుముందు ఎప్పుడైనా వచ్చిందా?' అని అడిగితే చాలు. 'లేదు' అన్నా, చెప్పేవాళ్లే లేకపోయినా, 108 పిలవాల్సిందే. తెలిసిన మూర్ఛే అయినా 5 నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మళ్లీ వచ్చినా పిలవాల్సిందే. అంతసేపు ఆగకపోతే దానంతటది ఆగే అవకాశం తగ్గిపోతుంది, సూదిమందు కావాలి.

అంబులెన్స్ వచ్చేలోపు చేయాల్సింది కొంచెమే. టైం చూడాలి, ఎందుకంటే కంగారులో ఒక నిమిషం పది నిమిషాల్లా అనిపిస్తుంది. చుట్టూ ఉన్న సామాన్లు, బండరాళ్లు తప్పించి, తల కింద తువ్వాలు పెట్టి, మెడ దగ్గర గుండీ వదులు చేయాలి. కాళ్లూ చేతులూ అదిమి పట్టకూడదు, భుజం కీలు తప్పవచ్చు. నోట్లో ఏదీ పెట్టకూడదు. నాలుక మింగేస్తారన్నది అబద్ధం, చెంచాతో విరిగేది పళ్లు. కొట్టుకోవడం ఆగగానే పక్కకు తిప్పి పడుకోబెడితే నురగ, వాంతి బయటికి పోతాయి. ఊపిరి ఆడుతోందో లేదో చూడాలి. ఆడకపోతే వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. షుగర్ మనిషని తెలిసినా, పూర్తిగా తెలివొచ్చి మింగగలిగేదాకా నీళ్లు గానీ చక్కెర గానీ నోట్లో పోయకూడదు. అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆ తర్వాత అరగంట అయోమయంగా మాట్లాడొచ్చు, లేచి నడవబోవచ్చు. ఆ స్థితిలో ఉన్న మనిషినే మనవాళ్లు బస్సెక్కించారు!

ఇంతకీ వీడియోలు తీయడం తప్పు కాదు. మొదట ఏ చేయి కొట్టుకుంది, తల ఎటు తిరిగింది, ఎంతసేపు సాగింది అన్నది డాక్టరుకు చాలా పనికొస్తుంది. ఆ రోజు తీసిన వీడియోలు వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగాయి. పీలేరు ఆసుపత్రిలో 'ఎలా వచ్చింది?' అని డాక్టరు అడిగితే మాత్రం, భయంతో కళ్లు మూసుకున్న భార్య ఏమీ చెప్పలేకపోయింది. తీసినవాళ్లలో ఒక్కరైనా ఆమె నంబరడిగి పంపి ఉండొద్దా?