అమ్మకాలు పెరిగాయని సంబరపడే ముందు డీఎస్ఓ చూడండి

విజయవాడ వన్‌టౌన్‌లో ఒక ఎలక్ట్రికల్ హోల్‌సేల్ షాపులో లెక్కలు చూస్తాను. డిసెంబరు నెలాఖరున మా ఓనరు గారు అడిగారు: "అమ్మా, అమ్మకాలు చూస్తే పెరుగుతున్నాయి, బ్యాంకు ఓడీ చూస్తే ఎప్పుడూ పూర్తిగా వాడేసే ఉంటోంది. డబ్బులు ఎక్కడికి పోతున్నాయి?" ఎక్కడికీ పోలేదండీ, తెనాలి నుంచి నూజివీడు దాకా మా దగ్గర అరువుకి కొనే పార్టీల దగ్గరే ఉన్నాయి. అది మూణ్ణెల్ల ముందే కనిపించాల్సింది. మేం చూడలేదు, అదే నా బాధ.

అరువుకిచ్చిన సరుకు డబ్బు సగటున ఎన్ని రోజులకి చేతికొస్తోందో చెప్పేది డీఎస్ఓ. నెలాఖరుకి రావాల్సిన బాకీని అప్పటికి గడిచిన మూడు నెలల అరువు అమ్మకాలతో భాగించి, ఆ మూడు నెలల రోజులతో గుణిస్తే వస్తుంది. మాకు జూన్ ఆఖరుకి బాకీ 45 లక్షలు, మూడు నెలల అమ్మకం 90 లక్షలు, అంటే దాదాపు 45 రోజులు. మేమిచ్చే గడువు కూడా 45 రోజులే. సెప్టెంబరు ఆఖరుకి 60 లక్షల బాకీ, 96 లక్షల అమ్మకం, దాదాపు 57 రోజులు. డిసెంబరుకి 78 లక్షల బాకీ, 104 లక్షల అమ్మకం, 69 రోజులు.

"అమ్మకం పెరిగితే బాకీ కూడా పెరగదా?" అన్నారు ఓనరు గారు. పెరుగుతుంది, కానీ అమ్మకంతో పాటే పెరగాలి. జూన్ నుంచి అమ్మకం ఆరో వంతు కూడా పెరగలేదు, బాకీ మాత్రం దాదాపు ముప్పావు వంతు పెరిగింది. అయినా ఆయన అనుమానంలో కొంత న్యాయం ఉంది. ఆఖరి నెలలో ఎక్కువ అమ్మితే ఆ బిల్లులకి ఇంకా గడువు తీరదు, డీఎస్ఓ ఉత్తినే పెరిగినట్టు కనిపిస్తుంది. అందుకని వెనక్కి లెక్కేశాను. 78 లక్షల్లోంచి డిసెంబరు అమ్మకం 38 తీసేస్తే 31 రోజులు, 40 మిగిలింది. నవంబరు 34 తీసేస్తే ఇంకో 30 రోజులు, 6 మిగిలింది. అక్టోబరు అమ్మకం 32 కాబట్టి ఆ 6 లక్షలు దాదాపు 6 రోజులు. మొత్తం 67. జూన్‌కి ఇలాగే లెక్కేస్తే 45 వచ్చింది. పండగ అమ్మకాల మీదికి నెట్టేయగలిగింది రెండు రోజులే. మిగతా 22 రోజులూ వసూలు జాప్యమే.

ఈ లెక్క బిల్లుల డేటాలోంచి తీసేటప్పుడు అందరూ ఒకచోట బోర్లాపడతారు. జూన్ బాకీ కావాలని, ఈ రోజు పెండింగ్ లిస్టు తీసి అందులో జూన్ దాకా ఉన్న బిల్లులు కూడతారు. జూలైలో డబ్బు కట్టిన బిల్లులు ఆ లిస్టులో ఉండవు కదా! పాత నెలలన్నీ తక్కువగా వచ్చి, డీఎస్ఓ ఎప్పుడూ పెరుగుతున్నట్టే కనిపిస్తుంది. ఆ తేదీ దాకా వేసిన బిల్లుల్లోంచి ఆ తేదీ దాకా వచ్చిన రసీదులే తీసేయాలి. ఎక్సెల్‌లో B బిల్లు తేదీ, D బిల్లు మొత్తం, E రసీదు తేదీ, F రసీదు మొత్తం, H1లో నెలాఖరు తేదీ అనుకుంటే:

```
=SUMIFS(D:D,B:B,"<="&H1)-SUMIFS(F:F,E:E,"<="&H1)
```

ఓపెనింగ్ బాకీలను బిల్లుల్లోనూ, సరుకు వాపసు క్రెడిట్ నోట్లను రసీదుల్లోనూ కలపండి. ఇంకొకటి, బాకీలో జీఎస్టీ ఉంటుంది, లాభనష్టాల పట్టీలో అమ్మకానికి ఉండదు. రెంటినీ కలిపేస్తే 18 శాతం సరుకులో 45 రోజులు కాస్తా 53 అయి కూర్చుంటుంది. రెండు వైపులా బిల్లు మొత్తమే వాడండి.

ఇక ఆ జాప్యం ఎవరిదో వెతికితే గుడివాడ పార్టీ ఒకాయన లెడ్జర్ దగ్గర ఆగిపోయాను. జూన్ దాకా 48,620, 31,475 అని బిల్లుకి బిల్లు సరిగ్గా కట్టేవారు. ఆగస్టు నుంచి 50,000, 25,000, అన్నీ గుండు అంకెలే, ఏ బిల్లుకో చెప్పకుండా ఆన్ అకౌంట్. ఇవ్వాల్సింది కాదు, చేతిలో ఎంతుంటే అంత ఇస్తున్నారన్నమాట. మా సేల్స్ కుర్రాడు మాత్రం 25,000 రాగానే లక్ష సరుకు ఎక్కించేవాడు, అతని కమీషన్ బిల్లు మీదే గానీ వసూలు మీద కాదు. ఆరు లక్షల పరిమితి ఉన్న పార్టీకి బాకీ 14 లక్షలైంది. డీఎస్ఓ నెలనెలా చెబుతోంది ఇదే. పార్టీ ఎగ్గొట్టలేదు, ఇంకా కడుతూనే ఉన్నారు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ 22 రోజుల జాప్యం విలువ రోజుకి లక్షా 13 వేల చొప్పున దాదాపు 25 లక్షలు. ఆ డబ్బు రాకపోయినా తర్వాతి నెల 20కల్లా ఆ బిల్లుల జీఎస్టీ మేం కట్టేశాం, అదీ ఓడీలోంచే. పైగా చాలా బ్యాంకులు 90 రోజులు దాటిన బాకీని, ఓడీలో ఎంత వాడుకోవచ్చో తేల్చే డ్రాయింగ్ పవర్‌లో లెక్కించవు. అంటే అవసరం పెరిగేకొద్దీ పరిమితి తగ్గుతుంది.

జనవరి నుంచి పాత బిల్లు తీరితేనే కొత్త సరుకు. సేల్స్ కుర్రాడికి నా మీద కోపంగానే ఉంది. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో డబ్బు కట్టకపోతే ఆ బిల్లు మీద తీసుకున్న జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ వెనక్కివ్వాలి కదండీ అని గుడివాడ ఆయనకి నేనే ఫోన్ చేసి గుర్తుచేశాను. మొన్న 43,870 పంపారు, బిల్లు నంబరు రాసి.