సవరణ: ఇన్‌స్టంట్ కాఫీ, కాఫీ పొడి ఒకటి కాదు

ముందు రాసిన వాక్యం: “ఇన్‌స్టంట్ అంటే మరీ మెత్తగా ఆడించిన కాఫీ పొడే.”

కాదు. కాఫీ పొడిని ఎంత మెత్తగా ఆడించినా అడుగున మడ్డి మిగులుతుంది. ఇన్‌స్టంట్ పూర్తిగా కరిగిపోతుంది, ఎందుకంటే అది ఫ్యాక్టరీలో ముందే తీసిన డికాషన్‌ను ఆరబెట్టగా మిగిలినది. ఆ డికాషన్‌ను వేడిగాలిలోకి తుంపరగా కొడితే సన్నటి పొడి వస్తుంది, కానీ సువాసన చాలావరకు ఎగిరిపోతుంది. సుమారు మైనస్ 40 డిగ్రీల్లో గడ్డకట్టించి, పలుకులుగా పగలగొట్టి, గాలి తీసేసిన గదిలో ఆ మంచును నేరుగా ఆవిరి చేస్తే వాసన బాగా నిలుస్తుంది. ఇదే ఫ్రీజ్ డ్రైడ్, ధర కూడా ఎక్కువే.

పలుకులు కనిపించగానే సీసా కొనేయకండి. తుంపర పొడినే ఆవిరితో తడిపి ఉండలు కట్టించి అమ్ముతారు. అవి గుండ్రంగా, గరుకుగా ఉంటాయి. ఫ్రీజ్ డ్రైడ్ పలుకులకు పగిలిన గాజులా అంచులుంటాయి. లేబుల్ మీద చికోరీ శాతం కూడా చూడండి.