సవరణ: డాష్‌బోర్డులో ఎర్ర లైట్ వెలిగితే బండిని డిపోకి తేవద్దు

“సార్, ఎర్ర లైట్ వస్తే మెల్లగా డిపోకి తెచ్చేయమని రాశారు. ఆయిల్ లైట్‌కి కూడా అంతేనా?”

కాదు. నేను రాసింది తప్పు, క్షమించండి. మెల్లగా తేవడం సాధారణంగా పసుపు లైట్లకే. ఎర్రది ఏది వెలిగినా ఇండికేటర్ వేసి ఎడమకి తీసి ఆపండి, ఆగాకే ఇంజన్ ఆఫ్ చేయండి. నడుస్తుండగా ఆఫ్ చేస్తే స్టీరింగ్, బ్రేక్ రెండూ గట్టిపడతాయి.

ఆయిల్ క్యాన్ బొమ్మ అంటే ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని. బేరింగుల మధ్య ఆయిల్ పొర లేకపోతే ఒకటి రెండు నిమిషాల్లోనే ఇంజన్ పట్టేయవచ్చు. బెంగళూరు హోసూరు రోడ్డులో బొమ్మసంద్ర దగ్గర వెలిగిందనుకోండి, సిల్క్ బోర్డు దాకా లాగితే ఇంజన్ దక్కదు. సమతలంలో పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూడండి. ఆయిల్ తక్కువైతే సరైన గ్రేడే పోయండి. పోశాక స్టార్ట్ చేస్తే కొన్ని సెకన్లలో లైట్ ఆరాలి, ఆరకపోతే వెంటనే ఆపేయండి. లెవెల్ సరిగ్గానే ఉంటే అసలు స్టార్ట్ చేయొద్దు, పంపు పోయి ఉండొచ్చు. నాకు ఫోన్ చేయండి, టోయింగ్ బండి పంపుతాను.

ట్రిప్ లేటైతే కస్టమర్‌తో నేనే మాట్లాడతాను. ఆ టెన్షన్ మీకొద్దు.