గజేంద్రుడి సున్నలు, మా శుద్ధిసేవ

పాత తాళపత్రాలను ఎత్తిరాసే మాకు ఒక పవిత్ర బాధ్యత ఉంది: లేఖకుడు రాసింది కాకుండా, రాసి ఉండాల్సింది రాయడం. దీన్ని నార్మలైజ్డ్ ప్రతి అంటారు. దీనికి పడని దాయాది డిప్లొమాటిక్ ప్రతి. పేరులో దౌత్యం ఉన్నా దానికి మొహమాటమే లేదు. ఆకు మీద ఏ అక్షరం ఉంటే అదే దించుతుంది, లేఖకుడి తప్పులతో సహా. పరువుగల ఇంట్లో అలా చేస్తారా?

పోతన గజేంద్రుడినే తీసుకోండి. "కలఁడు కలండనెడివాఁడు కలఁడో లేఁడో" అని మనం అచ్చులో చదువుకుంటాం. తాళపత్రాల్లో అరసున్నకు మామూలుగా విడి గుర్తు ఉండదు, అన్నిటికీ నిండు గుండ్రమే. ఆ పద్ధతిలో రాస్తే పాదం "కలండు కలండనెడివాండు కలండో లేండో" అవుతుంది. కందంలో ఈ పాదానికి 20 మాత్రలు ఉండాలి, ఇలా చదివితే 22 వస్తాయి. పాపం గజేంద్రుడు, అసలే మొసలి కాలు పట్టుకుంటే పైన ఈ రెండు మాత్రల బరువొకటి. నేను మొదటి "కలం"లో ఒకటి, మూడో "కలం"లో ఒకటి కోసి ఆదుకున్నాను. రెండో "కలం" జోలికి పోలేదు, అక్కడ నిండుసున్న లేకపోతే గణం చెడుతుంది. "వాం", "లేం" ఎలాగూ దీర్ఘాలు కాబట్టి ఛందస్సు సాక్ష్యం చెప్పదు. అక్కడ వ్యాకరణాన్ని నమ్ముకుని అరసున్న దానం చేశాను. పద్యం చదువుకునేవాడికి, మాట వెతుక్కునేవాడికి ఇంతకంటే ఏం కావాలి?

ఇంతవరకు సేవే. అసలు పుణ్యం వేరే ఉంది. కొందరు లేఖకులు సున్న తర్వాతి హల్లును జంటగా రాస్తారు: "కలండ్డు" అన్నట్టు. సున్నను నిండుగా పలకాలని వాళ్ల గుర్తు అంటారు కొందరు పండితులు. నాకు మాత్రం ఉత్త చేతి అలవాటుగా కనిపించింది. 140 ఆకుల్లో ఒక్కటి మిగల్చకుండా తీసేశాను. ఎక్కడ తీశానో రాయలేదు, చేసిన ఉపకారం చెప్పుకోకూడదు కదా.

తర్వాత ఒక పరిశోధక విద్యార్థి వచ్చాడు. సున్న పలుకుబడి మీద పని చేస్తున్నాడట. నా ఫైల్లో జంట హల్లులు వెతికాడు, సున్న వచ్చింది. ఈ లేఖకుడికి ఆ అలవాటే లేదని అధ్యాయం రాసేశాడు. ఇంకో ప్రతిలో అవే జంటలు అవే చోట్ల ఉంటే, దానికీ దీనికీ చుట్టరికం లేదని కూడా తేల్చాడు. తప్పులు పంచుకున్నప్పుడే ప్రతుల చుట్టరికం బయటపడుతుంది. ఆ తప్పులన్నీ నేను కడిగేశాను.

ముందు డిప్లొమాటిక్ ప్రతి తీసి ఉంటే, దాని నుంచి శుద్ధప్రతి ఒక వారంలో తయారయ్యేదని ఆ కుర్రాడు అన్నాడు. శుద్ధప్రతి నుంచి వెనక్కి వెళ్లే దారి మాత్రం లేదట. పోనీ ఆకుల ఫొటోలైనా ఇవ్వమన్నాడు.

ప్రతి ఇంత శుభ్రంగా ఉంది కదా అని ఫొటోలు తీయనే లేదు.